ఉమ్మడి ప్రవక్తలు: మూడు మతాల కథనాలు

ఒకే ప్రవక్త గురించి మూడు మతాలు ఏమి చెబుతాయని అమలాపురం పఠన మందిరంలో కోనసీమ క్రైస్తవ, ముస్లిం పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబుగా, ఏ కథనం సరైనదో తేల్చకుండా, ఈ పట్టికను గోడకు అతికించాము.

| ప్రవక్త | యూదులు | క్రైస్తవులు | ముస్లిములు |
|---|---|---|---|
| అబ్రాహాము, ఇబ్రాహీం | మోరియా కొండపై ఇస్సాకును బలిపీఠానికి కట్టి కత్తి ఎత్తగా దేవదూత వారించిన ఘట్టాన్ని నూతన సంవత్సర పర్వదినాన చదువుతారు. | దేవుడు మృతులను సైతం లేపగలడని నమ్మిన విశ్వాసిగా ఆయనను కీర్తిస్తూ, ఆ బలిలో క్రీస్తు సిలువకు ముంగురుతు చూస్తారు. | ఖురాన్ ఆ ఘట్టంలో కుమారుని పేరు చెప్పదు. అతడు ఇస్మాయీల్ అని ఎక్కువమంది విశ్వసిస్తారు. తండ్రి కల చెప్పగా కుమారుడే సమ్మతించడం ఇక్కడి విశేషం. బక్రీదు దీని స్మరణే. |
| మోషే, మూసా | ధర్మశాస్త్రం అందించిన, సాటిలేని ప్రవక్త. నదిలో దొరికిన శిశువును ఫరో కుమార్తె పెంచింది. | యేసు రూపాంతర వేళ ఏలీయాతో కలిసి కనిపిస్తాడు. | ఖురాన్‌లో అత్యధికంగా ప్రస్తావించబడిన ప్రవక్త. శిశువును కాపాడినది ఫరో భార్య. |
| యోనా, యూనుస్ | ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నం యోనా గ్రంథాన్ని చదువుతారు. | చేప కడుపులోని మూడు దినాలను యేసు తన సమాధికి పోల్చాడు. | చీకట్లలో ఆయన చేసిన ప్రార్థనను కష్టకాలంలో నేటికీ పఠిస్తారు. |
| యేసు, ఈసా | ప్రవక్తగా అంగీకరించరు. | ప్రవక్తకు మించి, దేవుని కుమారుడు. సిలువపై మరణించి లేచాడు. | కన్య మరియం కుమారుడైన మసీహ్. దైవత్వాన్ని, సిలువ మరణాన్ని అంగీకరించరు. |

చివరి వరుసలోని భేదాలు రాజీకి వచ్చేవి కావు గనుక, వాటిని మెత్తబరచకుండా ఉన్నవున్నట్టు రాశాము.