ఏప్రిల్ 30న ఉద్యోగం పోయింది: విశాఖ గోపాలపట్నంలోని ఒక కుటుంబానికి మే నుంచి అక్టోబరు వరకు ఖర్చుల ప్రణాళిక

ఇప్పుడున్న లెక్క

పరవాడలో ఉద్యోగానికి చేతికొచ్చే జీతం 52,000. మీ ఆవిడ బ్లౌజులు కుట్టగా వచ్చేది 5,000. నెల ఖర్చు 54,300: అద్దె 11,500, సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ 12,000, ఇద్దరు పిల్లల ఫీజు నెలకు లెక్కేస్తే 4,500, పర్సనల్ లోన్ వాయిదా 7,200 (ఇంకా 14 ఉన్నాయి), బండి వాయిదా 3,100 (ఇంకా 5), చీటీ 5,000, కరెంటు, ఫోన్లు, కేబుల్ 3,700, పెట్రోలు 2,000, బయట తిండి, బట్టలు 3,500, అమ్మగారి మందులు 1,800.

చేతిలో ఉన్నది: ఏప్రిల్ జీతంతో కలిపి సేవింగ్స్‌లో 64,000, ఎఫ్‌డీ 1,50,000. క్రెడిట్ కార్డు బాకీ 28,400. సెటిల్‌మెంటు కింద రావలసిన 71,000 అకౌంట్లో పడేదాకా అది లేనట్టే. పీఎఫ్ 2,60,000 ఉంది, దాన్ని ఈ లెక్కలో కలపడం లేదు.

మొదటి మూడు రోజులు

కార్డు బాకీ మొత్తం కట్టేయండి. మినిమం డ్యూ కట్టి ఊరుకుంటే మిగతాదానిపై నెలకు మూడు శాతం పైనే వడ్డీ నడుస్తుంది. ఎఫ్‌డీ మీకిచ్చే వడ్డీ దాని దరిదాపుల్లో కూడా ఉండదు. కట్టాక మిగిలేది 1,85,600. కార్డును యాప్‌ల నుంచి తీసేసి బీరువాలో పెట్టండి.

మీది శాలరీ అకౌంటు. వరసగా కొన్ని నెలలు జీతం పడకపోతే బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చి, మినిమం బ్యాలెన్స్ లేదని కోత వేయవచ్చు. బ్యాంకుకు వెళ్లి ఎప్పుడు మారుతుందో, ఎంత ఉంచాలో కనుక్కోండి. వాయిదాలు కోసుకునే తేదీకి రెండు రోజుల ముందే డబ్బు అందులో ఉండాలి. ఒక్కసారి బౌన్సయితే బ్యాంకు చార్జీ, లోన్ ఇచ్చినవాళ్ల చార్జీ రెండూ పడతాయి.

కంపెనీ హెచ్‌ఆర్ దగ్గర రిలీవింగ్ లెటర్, చివరి మూడు పేస్లిప్పులు తీసుకోండి. పీఎఫ్‌లో ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ నమోదు చేశారా అని గట్టిగా అడగండి. అది లేకపోతే రేపు క్లెయిమ్ ముందుకు కదలదు. వాళ్లు చేయకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్లో పెట్టుకోవచ్చు. ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. క్లెయిములు ఎక్కువగా తిరిగొచ్చేది ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడిగా ఉన్నప్పుడే. అయిదేళ్లు నిండిన సర్వీసుంటే గ్రాట్యుటీ హక్కు: చివరి బేసిక్, డీఏల మొత్తాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తే వచ్చేది. మీది నాలుగేళ్ల రెండు నెలలే కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

పెద్ద మొత్తాలు

ఇంట్లో కోతలన్నీ పెట్టాక మిగిలేది నెలకు 9,200. అయిదు చోట్ల నోరు కట్టుకుంటే వచ్చే మొత్తమది. బ్యాంకు వాళ్లతో ఒక మాట, చీటీ ఆయనతో ఒక మాట కుదిరితే 8,500 మిగులుతుంది. అందుకే ముందు ఈ రెండూ.

పర్సనల్ లోన్ అసలు ఇంకా సుమారు 92,500 ఉంది. ఒక్క వాయిదా కూడా తప్పకముందే వెళ్లి, టర్మినేషన్ లెటర్ జతచేసి, గడువు 30 నెలలకు పెంచమని రాతపూర్వకంగా అడగండి. మీ 14 శాతం వడ్డీకి వాయిదా 3,700 దగ్గరకు దిగుతుంది. మొత్తం మీద పదివేల దాకా ఎక్కువ కడతారు, క్రెడిట్ రిపోర్టులో కూడా కనిపించవచ్చు. అయినా ఇప్పుడు ఇదే మేలు. ఎఫ్‌డీ తీసి లోన్ మూసేయాలని అనిపిస్తుంది, ఆ పని చేయకండి. ఉద్యోగం లేని మనిషికి మళ్లీ ఆ లోన్ ఎవరూ ఇవ్వరు.

లక్ష చీటీలో 20 నెలలకు 9 కట్టారు. పాట పాడేసుకుందాం అనే ఆలోచన ఇప్పుడు వద్దు. తొందరలో ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గించి పాడతారు. పాడుకున్నాక కూడా మిగిలిన నెలలు కట్టాల్సిందే. పైగా డబ్బు ఇచ్చే ముందు జీతమున్న జామీనుదారులను తెమ్మంటారు. మీ బావమరిదికో, తెలిసినవాళ్లకో సభ్యత్వం బదిలీ చేసి, మీరు కట్టినది వాళ్ల దగ్గర తీసుకోండి. చీటీ నడిపేవారి సంతకంతో కాగితం ఉండాలి. నోటిమాట మీద వదిలేస్తే బాకీ మీ పేరునే నిలుస్తుంది.

ఇల్లు మారే ఆలోచన ఆరు నెలలు పక్కన పెట్టండి. రెండు వేలు తక్కువ అద్దెకు వెళ్లినా అడ్వాన్సు, సామాను బండి ఖర్చు కలిపితే ఏడాది దాకా తేలదు.

ఇంట్లో కోతలు

సరుకులు 12,000 నుంచి 9,000. వారానికి రెండు వేలు కవర్లో పెట్టండి, గ్యాసుకు వెయ్యి వేరుగా ఉంచండి. కూరగాయలు గోపాలపట్నం రైతుబజారులోనే, బోర్డు మీద ఉన్న ధర చూసి కొనండి. పప్పులు, నూనె నెలకోసారి పూర్ణా మార్కెట్లో. బియ్యం 26 కిలోల బస్తా తీసుకోండి: 25 కిలోలు, అంతకన్నా చిన్న ప్యాకెట్లపై జీఎస్టీ ఉంది. జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, అందాకా చేపల ధర మండిపోతుంది. గుడ్లు, ఎండుచేపలతో గడపండి.

కరెంటు, ఫోన్లు, కేబుల్, ఓటీటీ కలిపి 3,700 నుంచి 2,400. మే ఉక్కకు ఏసీ లేకుండా ఉండమనడం లేదు. 26 డిగ్రీల మీద, మూడు గంటలకు టైమర్ పెట్టండి. నెల మొత్తం 225 యూనిట్లు దాటితే, ఆ పైన ప్రతి యూనిట్‌కూ 6 రూపాయల బదులు 8.75 పడుతుంది.

పెట్రోలు 900. మీ ఆవిడకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీశక్తి కింద టికెట్ ఉచితం, ఆధార్ దగ్గరుంటే చాలు. అందుకే పూర్ణా మార్కెట్ పని ఆవిడదైతే లాభం. బయట తిండి 500. అమ్మగారి బీపీ మందులు డాక్టరును అడిగి జనఔషధి కేంద్రంలో తీసుకుంటే వెయ్యిలో సరిపోవచ్చు. మోతాదు మాత్రం సొంతంగా తగ్గించకూడదు.

ఒక కొత్త ఖర్చు

కంపెనీ గ్రూపు ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోయింది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ఈ వారమే అడగండి. ఆలస్యం చేస్తే పాత వెయిటింగ్ పీరియడ్ కలిసిరాదు. నలుగురికి అయిదు లక్షల కవరు నెలకు 1,700 దాకా అనుకున్నాం. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఒక్క ఆసుపత్రి బిల్లు ఈ లెక్కంతా తుడిచేస్తుంది కాబట్టి దీన్ని మాత్రం కోయవద్దు.

ఎంతకాలం వస్తుంది

54,300లో 9,200, 8,500 తీసి 1,700 కలిపితే 38,300. కుట్టు డబ్బు పోను నెలకు 33,300 తియ్యాలి. 1,85,600 అయిదున్నర నెలలు వస్తుంది. ఏమీ చేయకపోతే నాలుగు నెలలు కూడా రాదు. సెటిల్‌మెంటు వస్తే ఇంకో రెండు నెలలు.

జూన్‌లో స్కూలు మొదటి టర్మ్ 18,000 ఒకేసారి అడుగుతారు. మే నెలాఖరులోగా ప్రిన్సిపాల్‌ని కలిసి నాలుగు వాయిదాలకు, అంటే నెలకు 4,500కి ఒప్పించండి. బడి తెరిచాక అడిగితే వినే ఓపిక వాళ్లకు ఉండదు.

ముందు సేవింగ్స్ వాడండి, తర్వాతే ఎఫ్‌డీ. అప్పటికి కొత్త ఉద్యోగం ఖాయమై, జీతం రావడానికి నెలో రెండు నెలలో ఉంటే ఎఫ్‌డీని తీయకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. లేదంటే తీసేయండి.

మొత్తం డబ్బు లక్ష కంటే దిగిన రోజున పీఎఫ్ గురించి ఆలోచించండి. ఉద్యోగం లేనప్పుడు 75 శాతం వరకు తీసుకోవచ్చు. అవసరమైనంతే తీయండి, పెన్షన్ భాగం ముట్టుకోకండి, ఆ సర్వీసు కాలం లెక్కలోంచి పోతుంది. బంగారం తాకట్టు దాని తర్వాతే, అదీ బ్యాంకులోనే. లోన్ యాప్‌లు ఏ పరిస్థితిలోనూ వద్దు.

కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. మొదటి రెండు జీతాలు ఇదే 38,300 ఖర్చుతో నడిపి, మిగిలింది ముందు స్కూలు వాయిదాలకు, తర్వాత ఎఫ్‌డీకి వేయండి.