అక్కా, పుట్టినరోజు శుభాకాంక్షలు

అక్కా,

ఇయ్యాల్టితో నీకు ముప్పై అయిదేండ్లు నిండినయ్. పుట్టినరోజు శుభాకాంక్షలు. ఫోన్‌ల చెప్దామంటే ఎప్పటిలెక్కనే "తిన్నవారా, పిల్లగాడు మంచిగున్నడా" అని నువ్వే నన్ను అడుగుతవ్. నేను చెప్పాలనుకున్నది గొంతులనే ఉంటది. అందుకే రాస్తున్న. బావ పనికి పోయినంక, బిడ్డ బడికి పోయినంక, నిమ్మళంగ కూసొని చదువు.

2007 ఎండకాలం యాదికున్నదా? నీ ఇంటర్ రిజల్టు, నా టెన్త్ రిజల్టు ఒకటెంబడి ఒకటి వచ్చినయ్. నీకు బైపీసీల వెయ్యికి 872. నాకు ఆరువందలకు 498. ఇద్దర్ల ఎవరికి మంచిగ వచ్చినయో లెక్క చేస్తే తెలుస్తుండె. ఆ లెక్క మనింట్ల ఎవరూ చెయ్యలే.

బాపుకు అప్పటికే దమ్ము ఎక్కువైంది. సాంచెల కాడ పన్నెండు గంటలు నిలబడితే మరునాడు లేవకపోతుండె. వారం పనికి పోతే వారం మంచంల. ఒకనాడు రాత్రి మనం వాకిట్ల పండుకున్నప్పుడు, అమ్మతోని మెల్లగ అన్నడు: "ఇద్దర్ని సదివిచ్చుడు నాతోని కాదే." అమ్మ ఏం మాట్లాడలే. నువ్వు నా పక్కకే ఉన్నవ్. నువ్వు మేల్కోనున్నవని నాకు తెలుసు. నేను గూడ మేల్కోనే ఉన్ననని నీకు తెల్వదు.

తెల్లారి చాయ్ తాగుకుంట నువ్వే అన్నవ్: "నాకు సదువు మీద మనసు లేదు బాపు. తమ్మున్ని కరీంనగర్ల ఏద్దాం."

ఎవరన్న ఆ సంగతి తీస్తే నువ్వు ఇప్పటికీ అదే మాట అంటవ్, "నాకు సదువు ఎక్కకపోతుండె" అని. మొన్న బిడ్డ ముంగట గూడ అన్నవ్. నేను ఊకున్న. ఆనాడు ఊకున్నట్టే.

పదిహేనేండ్ల పిల్లగానికి ఏం తెలుస్తదిరా అంటవేమో. తెలుసక్కా. నువ్వు అబద్ధమాడుతున్నవని తెలిసే, నమ్మినట్టు చేసిన. నమ్మితే నాకు కాలేజీ వస్తది కాబట్టి నమ్మిన. పద్దెనిమిదేండ్లసంది ఇది నీకు చెప్పుకోలేకపోయిన. ఇయ్యాల చెప్తున్న.

సదువు ఎక్కనోళ్లు బాటనీ రికార్డు అట్ల రాస్తరా? మందారపువ్వును నిలువుగ కోసి చూపెట్టిన బొమ్మ ఒకటి ఏసినవ్. ఆ ఒక్క బొమ్మకు మూడు రోజులు పట్టింది నీకు. పెన్సిల్ మొనను బ్లేడుతోని చెక్కుకుంట, పువ్వు ముంగట పెట్టుకొని, అది వాడిపోతే పక్కింటోళ్ల చెట్టుకు పోయి ఇంకోటి తెచ్చుకొని. కాలేజీల లెక్చరర్ అయితవని నీ దోస్తులు అంటుంటే నవ్వి తల కిందికేసుకునేదానివి.

ఆ రికార్డు ఇప్పుడు నా దగ్గరనే ఉన్నది. పాత ఇల్లు ఖాళీ చేసిననాడు చెత్తల పోతుంటే తీసి దాసిపెట్టుకున్న. మందారపువ్వు ఎనక పేజీల నీ రాతతోనే బీడీల లెక్క ఉన్నది: సోమ 900, మంగళ 1100, బుధ ఆకు బాగలేదు 650. వేరు బొమ్మ ఎనక తంబాకు బాకీ. కాండం బొమ్మ ఎనక "తమ్ముని హాస్టల్" అని రాసి, కింద గీత కొట్టి, నెల నెలకు కట్టిన పైసల లెక్క. బీడీల లెక్కకు ఇంకో నోటుబుక్కు కొంటే పది రూపాయలైతయని అండ్లనే రాసినవ్ కదా.

పొద్దున లేచి ఆకు తడిపేదానివి. కత్తిరిచ్చుకొని, చాట ఒళ్లె పెట్టుకున్నవంటే మళ్ల పొద్దుగూకినంకనే లేసుడు. వెయ్యి బీడీలు చుడితే వంద రూపాయలు గూడ చేతికి రాని రోజులవి. కార్ఖాన్ల లెక్కపెట్టేటప్పుడు బాగలేవని కొన్ని తీసి పక్కకేస్తే, వాటి నష్టం మళ్ల నీ మీదనే. మెడ నొప్పి అప్పుడు మొదలైందే, ఇప్పటికీ పోలే. రాత్రి మెడ తిప్పుకుంట నువ్వు చేసే సప్పుడు నాకు హైదరాబాద్‌ల గూడ ఇనిపిస్తది.

ఇంకో సంగతి. ఇది చెప్పుడు ఇంక కష్టం.

హాస్టల్‌ల నా దోస్తులు "మీ అక్క ఏం చేస్తది" అని అడిగితే, డిగ్రీ చదువుతున్నదని చెప్పిన. సిగ్గుపడి చెప్పిన్నని నువ్వు అనుకోవద్దు. నువ్వు చదువుతున్నట్టు ఎవరన్న అనుకుంటే, కొంచమన్న నిజమైనట్టు అనిపిస్తుండె. రెండేండ్లు అదే చెప్పుకుంట పోయిన. ఫస్టియర్, తర్వాత సెకండియర్.

ఒక ఆదివారం నువ్వు సకినాలు, కోడికూర పట్టుకొని సిరిసిల్ల నుంచి బస్సుల వచ్చినవ్. గేటు కాడ నా దోస్తు నిన్ను అడిగిండు, "అక్కా, మీకు పరీక్షలెప్పుడు?" అని. నా గుండె ఆగినట్టైంది. నువ్వు ఒక్కసారి నా దిక్కు చూసినవ్. ఎంటనే "మార్చిల తమ్మీ" అన్నవ్. అని, వాని చేతిల రెండు సకినాలు పెట్టినవ్. వాడు పోయినంక గూడ నన్ను ఒక్క మాట అడగలే. బస్సెక్కే ముంగట "మంచిగ చదువుకో" అని, టికెట్‌కు ఉంచుకొని మిగిలిన చిల్లర నా జేబుల పోసినవ్.

అక్కా, ఆ ఒక్క మాటను నేను ఎన్నిసార్లు తలుచుకున్ననో నీకు తెల్వదు. "మార్చిల" అనేటప్పుడు నీ లోపట ఏమైందో అని.

నేను ఇంజినీరింగ్‌ల చేరేనాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కాలేజీ ఫీజు సర్కారు కట్టింది, మెస్సుకు, పుస్తకాలకు నువ్వు కట్టినవ్. ఆ స్కీము ఇంకొన్నేండ్లు ముంగట వచ్చి ఉంటే ఇద్దరం చదువుతుంటిమి. మొదటి జీతం వచ్చిననాడు నీకు చీర తెస్తే, "ఇంత పైసలెందుకు పెట్టినవ్‌రా" అని తిట్టినవ్. అది ఇప్పటికీ మడత ఇప్పలేదని బిడ్డ చెప్పింది. ఇయ్యాల కట్టుకో.

ఇగ అసలు సంగతి. బిడ్డకు బయాలజీ నువ్వే చెప్తున్నవట. గుండెల రక్తం ఎట్ల తిరుగుతదో ముగ్గుపిండితోని వాకిట్ల ఏసి చూపెట్టినవట. అది నాకు ఫోన్ చేసి, "మామా, మా టీచర్ కంటే అమ్మ మంచిగ చెప్తది" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారి పోయి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీల అడిగొచ్చిన. ఇంటర్ పాసైతే డిగ్రీల చేరొచ్చు, ఇంట్ల ఉండే చదువుకోవచ్చు. సైన్సు గ్రూపు తీసుకుంటే ప్రాక్టికల్సుకు సెంటర్‌కు పోవాలె. బావతోని మాట్లాడిన. "ఆమె ఇష్టం, ఆ దినాలు ఇల్లు నేను చూసుకుంట" అన్నడు.

నీ పేరు మీద నేను ఏ ఫారమూ నింపలే. ఇంతకుముందు ఒకసారి నీ చదువు సంగతి నిన్ను అడగకుండనే తేలిపోయింది, బాపు ఒక మాట, నువ్వు ఒక అబద్ధం, నేను ఒక మౌనం. ఈసారి అట్ల కావద్దు. చదువుతనంటే చదువు. ఇంత వయసుల ఎందుకురా, పానం అలిసింది అంటే అదీ సరే, నేను మళ్ల అడగ. కానీ "సదువు ఎక్కదు" అని మాత్రం నాతోని అనకు.

ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్తున్న, మీ మరదలు, పిల్లగాడు గూడ వస్తున్నరు. కోడికూర నేనే వండుత, నువ్వు పొయ్యి కాడికి రావద్దు. రికార్డు తెస్తున్న. మందారపువ్వు బొమ్మ బిడ్డకు చూపెట్టాలె.

నీ తమ్ముడు