తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి: మర్చిపోకూడనివి

☐ ఇయర్‌బడ్స్: రాత్రే కేసుతో సహా ఫుల్ ఛార్జ్. కేసులో పెట్టాక రెండింటికీ లైటు వెలిగిందా? పోయినసారి ఎడమది పిన్నుకు ఆనలేదు, కాజీపేట రాకముందే మూగబోయింది. పిన్నులు పొడిగుడ్డతో తుడవాలి.

☐ పవర్‌బ్యాంక్, 10,000 ఎంఏహెచ్: చేతిసంచిలోనే, సీటు కింది పెట్టెలో కాదు. రాత్రి 11 నుంచి 5 దాకా బోగీలో ప్లగ్గులకు కరెంటు ఆపేస్తారు.

☐ పొట్టి కేబుల్.

☐ డౌన్‌లోడ్లు: ఇంటి వైఫైలోనే. రెండు సినిమాలు, పాటలు, అమ్మకు ప్రవచనాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక్కోటీ తెరిచి చూడాలి. కాగజ్‌నగర్ దాటాక సిగ్నల్‌ను నమ్ముకోలేం.

☐ వైరు ఇయర్‌ఫోన్స్: టైప్-సి వే! కొత్త ఫోన్‌కు గుండ్రటి జాక్ లేదు. చుట్టి రబ్బరు బ్యాండ్ వేయాలి.