30 సెకన్ల యానిమేషన్ ప్రాజెక్టు: మార్కులు వేసే పద్ధతి

విజయనగరంలో మా మల్టీమీడియా రెండో ఏడాది విద్యార్థులకూ, వాళ్ల పని చూసే ఇద్దరు పరీక్షకులకూ ఇదే కాగితం. ప్రాజెక్టు మొదలైన రోజే పిల్లల చేతికి ఇస్తున్నాం. దేనికి ఎన్ని మార్కులో పని అయిపోయాక తెలిస్తే వాళ్లకు ఏం లాభం?

మొత్తం 100. కథకు 30, టైమింగ్‌కు 30, పనితనానికి 20, శ్రమకు 20.

ఫైలు మీద రోల్ నంబరే ఉండాలి, పేరు వద్దు. ఫోన్లో చేశారా, ఖరీదైన లాప్‌టాప్ మీద చేశారా అన్నది పరీక్షకులకు చెప్పం. ఇద్దరూ విడివిడిగా మూడేసి సార్లు చూస్తారు: మొదటిసారి కలం పట్టకుండా, రెండోసారి శబ్దం ఆపేసి, మూడోసారి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ. ఇద్దరి మొత్తాల మధ్య 10 మార్కులు మించి తేడా వస్తే కలిసి కూర్చుని మళ్లీ చూడాలి. సగటు తీసి వదిలేయకూడదు.

కథ (30)

తన కథ ఏమిటో ఒక్క వాక్యంలో రాసి, కవర్లో పెట్టి విద్యార్థి ముందే ఇస్తాడు. మొదటిసారి చూడగానే పరీక్షకుడు తనకు అర్థమైన కథను ఒక్క వాక్యంలో రాసుకుని, తర్వాతే ఆ కవరు విప్పుతాడు. ఆ రెండు వాక్యాలూ ఒకదానికొకటి సరిపోయి, చివరికి పాత్రలోనో పరిస్థితిలోనో మార్పు కనిపిస్తే 25 నుంచి 30. కథ అర్థమైనా ఏ మార్పూ లేకుండా ఆగిపోతే 16 నుంచి 24. మాటలు తీసేస్తే ఏమీ తెలియకపోతే 15 లోపే. విషయం పెద్దదని ఎక్కువ వేయొద్దు. కోడిని గంప కింద పెట్టడానికి అవస్థపడే నాయనమ్మ కథ కూడా 30కి తగినదే.

టైమింగ్ (30)

యానిమేషన్‌కు ప్రాణం ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, 30 సెకన్లకు 360. అలా చేసినవాళ్లకు మార్కులు తగ్గించొద్దు. బొమ్మల సంఖ్య కాదు, వాటి మధ్య ఎడం చూడాలి.

తప్పెటగుళ్ల కళాకారుడు ఎగిరే షాటు తీసుకోండి. ఎగిరే ముందు మోకాళ్లు వంగాలి. పైకి చేరేకొద్దీ బొమ్మలు దగ్గరవ్వాలి, కిందకు దిగేటప్పుడు దూరమవ్వాలి. కాళ్లు నేలను తాకాక మోకాళ్లు మళ్లీ వంగి బరువు మోయాలి, గుండెల మీది తప్పెట ఆ తర్వాత కుదురుకోవాలి. ఇవన్నీ ఉంటే 8. ఎడం అంతా సమానంగా ఉండి మనిషి లిఫ్టులో ఎక్కి దిగినట్టుంటే 3 మించొద్దు.

మిగతా 22లో బరువు తెలియడానికి 8, ముఖ్యమైన చోట చూసేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చినందుకు 8, శబ్దం కదలికతో కలిసినందుకు 6. ఎగిరే షాటు లేకపోతే ఆ మొదటి 8 మార్కులకు సినిమాలోని అతి కష్టమైన కదలికను ఎంచుకోండి.

పనితనం (20)

గీత నిలకడ, రంగులు, ఫ్రేములో పాత్ర ఉన్న చోటు, షాటు నుంచి షాటుకు పాత్ర కొలతలు మారకపోవడం: ఒక్కోదానికి 5. డౌన్‌లోడ్ చేసుకున్న పాత్ర వాడొచ్చు, కానీ ముందే చెప్పాలి. ఆ బొమ్మ అందానికి మార్కులుండవు, దాన్ని కదిలించిన తీరుకు పూర్తిగా ఉంటాయి.

శ్రమ (20)

గత ఏడాది నేను ఒక అన్యాయం చేశాను. రాత్రంతా మేలుకున్నానన్న అబ్బాయికి ఇందులో 18 వేశాను. ఏమీ చెప్పుకోని అమ్మాయికి 9 వేశాను. ఫలితాలు వచ్చాక ఆమె నోటుబుక్ చూశాను. ఒకే చెయ్యి చెంబు అందుకునే బొమ్మలు పేజీల కొద్దీ ఉన్నాయి, కొట్టివేతలతో, ప్రతి వేలికీ బాణం గుర్తుతో. అందుకే ఇక మాటకు మార్కుల్లేవు, ఆనవాలుకే. స్టోరీబోర్డు 4, యానిమాటిక్ 4, తేదీలతో దాచిన కనీసం మూడు వెర్షన్లు (siri_v01, siri_v02 ఇలా) 6, ఒకసారి చెప్పిన లోపాన్ని తర్వాతి వెర్షన్లో దిద్దినందుకు 6. కరెంటు పోయి ఫైలు పాడైతే కాగితం మీది బొమ్మలు ఆ వెర్షన్‌కు బదులుగా చెల్లుతాయి. జట్టు పనైతే ఎవరు ఏ షాటు చేశారో రాసి సంతకాలు పెట్టాలి. ఈ విభాగంలో ఎవరి మార్కు వారిదే.

నమూనా

సిరిమాను ఊరేగింపు మీద ఒక సినిమా వచ్చిందనుకోండి. మాను మొదలు ముందు కదిలి, కొస ఆలస్యంగా ఊగుతోంది, బరువు కళ్లకు కట్టింది: టైమింగ్ 27. జనం పాత్రలు షాటు షాటుకూ పొట్టీ పొడుగూ అవుతున్నాయి: పనితనం 12. ఊరేగింపు కనిపించింది గానీ ఎవరి కథో తెలియలేదు: కథ 17. వెర్షన్లు నాలుగున్నాయి, చెప్పిన లోపం సగమే దిద్దారు: శ్రమ 17. మొత్తం 73.

ప్రతి విభాగానికీ ఇలాగే కారణం ఒక వాక్యంలో రాయాలి. మార్కు మీద అభ్యంతరముంటే విద్యార్థి ఏడు రోజుల్లోగా షాటు నంబరు చెప్పి అడగొచ్చు. ఆ షాటును అతని ఎదుటే మళ్లీ వేసి చూస్తాం. అడిగినందుకు మార్కులు పెరగొచ్చు గానీ తగ్గవు.