అమ్మకి యోగా క్లాసు, మన మాటల్లో

అమ్మా, నిన్న ఆన్‌లైన్ క్లాసులో టీచర్ ఎక్స్‌హేల్ అన్నప్పుడల్లా నువ్వు గాలి పీలుస్తున్నావు, నేను చూశాను. నీ తప్పు కాదులే, ఆవిడ ఇంగ్లీషు అంత స్పీడు. ఆవిడ చెప్పినవి తెలుగులో రాస్తున్నా, రేపు పొద్దున క్లాసుకి ముందు ఒకసారి చదువుకో.

ఇన్‌హేల్ అంటే గాలి పీల్చు, ఎక్స్‌హేల్ అంటే వదులు. ఛాతీ విచ్చుకుని పైకి లేచేటప్పుడు పీల్చాలి, ముందుకి వంగేటప్పుడూ నడుము తిప్పేటప్పుడూ వదలాలి, ఎక్కువ ఆసనాలకి ఇదే లెక్క. హోల్డ్ అంటుందే, అది చాలాసార్లు ఆ భంగిమలో అలాగే ఉండమని, ఊపిరి ఆపమని కాదు. ఒకవేళ ఊపిరే ఆపమన్నా నువ్వు ఆపకు, నీకు బీపీ ఉంది. తికమకగా ఉంటే మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండు, చాలు.

తాడాసనం: నిటారుగా నిలబడటమే, కానీ ఇక్కడే ఆవిడ అన్నీ కలిపి చెప్తుంది. లెంగ్తెన్ యువర్ స్పైన్ అంటే నెత్తి మీద నిండు బిందె ఉన్నప్పుడు వెన్ను ఎలా నిలబెడతావో అలా. ఎంగేజ్ యువర్ కోర్ అంటే పొట్ట లోపలికి పీక్కోవడం కాదు. ఒకసారి దగ్గి చూడు, బొడ్డు చుట్టూ బిగుసుకుంటుంది కదా, అందులో సగం బిగింపు. టక్ యువర్ టెయిల్‌బోన్‌ని పుస్తకాల్లోలా 'అనుత్రికాన్ని' అని రాస్తే నాకే అర్థం కాలేదు. వెన్ను చివరి ఎముకని నేల వైపు దించు, నడుము మరీ లోపలికి వంగకుండా. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కి ఉంటే దించెయ్.

భుజంగాసనం: బోర్లా పడుకుని అరచేతులు ఛాతీ పక్కన, మోచేతులు ఒంటికి దగ్గరగా. గాలి పీలుస్తూ తల, ఛాతీ లేపు, బొడ్డు నేలకే ఉండాలి. చేతుల మీద బరువంతా వేసి లేవకు, నిన్న అదే చేశావు. వదులుతూ నెమ్మదిగా దిగు. నడుము నొప్పి అనిపిస్తే అక్కడితో ఆపేయ్, పాము పడగ ఎంత ఎత్తితే ఏంటి.

నాడీశోధన: కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మడిచెయ్. బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చు, ఉంగరం వేలితో ఎడమది మూసి కుడితో వదులు. మళ్ళీ కుడితోనే పీల్చి ఎడమతో వదులు. ఇది ఒక రౌండు. ముక్కు దిబ్బడగా ఉన్న రోజు మానెయ్.

చివర్లో శవాసనం. పొద్దున్నే ఆ పేరేంటని నాన్న విసుక్కుంటారు కాబట్టి ఆయనకి విశ్రాంతి అని చెప్పు. వెల్లకిలా పడుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా, అరచేతులు పైకి. నిద్ర పట్టినా పర్లేదు, మైక్ ఆఫ్ చేసి పడుకోండి, నిన్న నాన్న గురక అందరం విన్నాం.