రెండో అంతస్తు ఆఫీసు లీజు రెన్యువల్: కొత్త అద్దె, షరతుల ప్రతిపాదన

12 జనవరి 2026

శ్రీ వెంకటేశ్వర్లు గారికి,
భవన యజమాని

విషయం: రెండో అంతస్తులోని 1,800 చదరపు అడుగుల ఆఫీసు స్థలం లీజును మరో మూడేళ్లు పొడిగించడం గురించి.

నమస్కారమండీ.

మన లీజు గడువు వచ్చే మార్చి 31తో ముగుస్తుంది. కొనసాగాలనుకుంటే 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఒప్పందంలో ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మేము ఇక్కడే ఉండాలనుకుంటున్నాం. 2026 ఏప్రిల్ 1 నుంచి 2029 మార్చి 31 వరకు కొత్త లీజు రాసుకుందాం.

ముందు అద్దె సంగతి. ఇప్పుడు నెలకు 63,000 రూపాయలు ఇస్తున్నాం. మీరు డిసెంబరులో ఫోన్లో 15 శాతం పెంచి, మూడేళ్లూ అదే అద్దె ఉంచుదామన్నారు. అంటే 72,450. ఒక్కసారిగా అంత పెరిగితే మాకు మొదటి ఏడాది కష్టమవుతుంది. దాని బదులు మొదటి ఏడాది 66,000, తర్వాత ఏటా 5 శాతం పెంపు ప్రతిపాదిస్తున్నాం. రెండో ఏడాది 69,300, మూడో ఏడాది 72,765 అవుతుంది. చివరి ఏడాదికి మీరు అడిగిన అద్దెను దాటుతుంది. మూడేళ్లూ కలిపితే మీ లెక్కకు, మా లెక్కకు తేడా 1,11,420 రూపాయలు. ఆ మేరకు మీకు తగ్గుతుందన్నది నిజమే. కానీ మేము ఖాళీ చేసి, కొత్తవాళ్లు వచ్చేలోపు రెండు నెలలు తాళం పడినా మీకు అంతకన్నా ఎక్కువే పోతుంది. ఈ మూడేళ్లలో ఏ నెలా 5వ తేదీ దాటకుండా అద్దె జమ చేశాం, మీ పాస్‌బుక్కే సాక్ష్యం.

మీకు జీఎస్టీ నమోదు లేదు కాబట్టి అద్దె మీద 18 శాతం పన్ను రివర్స్ చార్జ్ కింద మేమే కడుతున్నాం. అది అలాగే కొనసాగుతుంది. టీడీఎస్ కూడా ఎప్పటిలాగే మినహాయించి సర్టిఫికెట్ పంపిస్తాం.

ఇక టెర్రస్ లీకు. దీని గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మీటింగ్ రూమ్ సీలింగ్ మీద మరక మొదట పళ్లెమంత ఉండేది, ఇప్పుడు లైటు చుట్టూ గోధుమరంగు వలయాలుగా పాకింది. జులైలో ఒకరోజు క్లయింట్లతో మాట్లాడుతుంటే టేబుల్ మీదే నీళ్లు కారాయి. బకెట్ పెట్టి మీటింగ్ పూర్తిచేశాం! ఆ వారం వైరింగ్ మార్చడానికి, టెర్రస్ మీద పగుళ్లకు తాత్కాలికంగా పూత వేయించడానికి 28,500 ఖర్చయింది. బిల్లులు జతచేస్తున్నాను. ఈ మొత్తాన్ని ఏప్రిల్, మే అద్దెల్లో సగం సగం సర్దుబాటు చేయమని కోరుతున్నాం. పూర్తిస్థాయి వాటర్‌ప్రూఫింగ్ మే 31లోగా మీరు చేయించాలి. ఇది కొత్త లీజులో రాసుకోవాల్సిన షరతు, నోటిమాటగా వదిలేయలేం. భవన నిర్మాణానికి సంబంధించిన రిపేర్లు మీవి, లోపల రోజువారీ చిన్న పనులు మావి అని స్పష్టంగా ఉంటే మళ్లీ ఈ టెన్షన్ ఉండదు.

అడ్వాన్సు 3,78,000 అలాగే ఉంచండి, పెంచవద్దు. మేము తాళాలు అప్పగించిన 30 రోజుల్లో అది తిరిగి రావాలి. మామూలు వాడకంతో పాతబడిన రంగులకు, ఫ్లోరింగ్‌కు అందులోంచి కోత వద్దు. మేము పెట్టించుకున్న నాలుగు ఏసీలు, గాజు పార్టిషన్లు వెళ్లేటప్పుడు తీసుకెళ్తాం, గోడలకు పడిన రంధ్రాలు పూడ్చి ఇస్తాం.

లాకిన్ మాకు 12 నెలలు చాలు. ఆ తర్వాత ఖాళీ చేయాలంటే ఇప్పుడున్న రెండు నెలల నోటీసు బదులు మూడు నెలలు ఇస్తాం. ఇది మీకు అనుకూలమైన మార్పే. అద్దె బకాయి పడితే తప్ప, మూడేళ్లలోపు ఖాళీ చేయమని మీరు అడగకూడదు. భవనం అమ్మినా కొత్త యజమాని ఈ లీజును పాటించాలి. రెండు కార్లు, పది బైకుల పార్కింగ్ మాదేనని ఒప్పందంలో రాయండి. కింది ఆఫీసువాళ్లతో రోజూ ఇదే పేచీ.

నోటరీ కాగితంతో సరిపెట్టుకుందామన్నారు. ఏడాది మించిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీకూ మాకూ రక్షణ అదే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు చెరిసగం పెట్టుకుందాం.

ఈ నెల 25లోగా మీ అభిప్రాయం రాతపూర్వకంగా తెలియజేస్తే, ఫిబ్రవరి మొదటి వారంలో ముసాయిదా పంపిస్తాను. ఒకసారి కూర్చుని మాట్లాడదామంటే సాయంత్రం ఆరు తర్వాత ఏ రోజైనా మీ ఇంటికే వస్తాను. వచ్చే ముందు ఒకసారి టెర్రస్ ఎక్కి చూద్దాం, మీరే ఓ మాట చెబుతారు.

ఇట్లు,
పద్మజ
మేనేజింగ్ పార్ట్‌నర్, రెండో అంతస్తు ఆఫీసు

జత: రిపేరు బిల్లుల నకళ్లు, సీలింగ్ ఫొటోలు