గర్భం ప్లాన్ చేసే ముందు మీ చెక్‌లిస్ట్

మూడు నెలల తర్వాత ప్రయత్నిస్తామన్నారు కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి.

☐ ఫోలిక్ యాసిడ్: రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి, గర్భం వచ్చాక 12 వారాలు నిండేదాకా. బిడ్డ మెదడు, వెన్నెముక ఏర్పడే నాళం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. అందుకే ముందుగా వేసుకోమంటున్నాను. మీ ఇద్దరి కుటుంబాల్లో ఎవరికైనా పుట్టుకతో వెన్నెముక లోపం ఉంటే చెప్పండి, డోసు మారుతుంది.

☐ బీపీ మాత్ర: మీరు వాడే ఎనలాప్రిల్ గర్భంలో బిడ్డ కిడ్నీలకు హాని చేస్తుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ పెరగడమూ ప్రమాదమే. వచ్చే విజిట్‌లో వేరే మందుకు మారుద్దాం.

☐ థైరాయిడ్ మాత్ర: ఇది మాత్రం ఆపకూడదు. ఇప్పుడు టీఎస్‌హెచ్ చేయించండి. ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చిన వారంలోనే మళ్లీ చేయించండి, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది.

☐ టీకాలు: రుబెల్లా, చికెన్‌పాక్స్ రక్షణ ఉందో లేదో రక్తపరీక్షలో చూద్దాం. లేకపోతే ఇప్పుడే వేయించుకోవాలి. ఇవి గర్భంలో ఇవ్వరు. చివరి డోసు తర్వాత కనీసం నెల ఆగాలి. హెపటైటిస్ బి కూడా చూస్తాం.

☐ షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు.

☐ మొటిమల మాత్రలు, ఆయుర్వేదం, నొప్పి మాత్రలు సహా వాడేవన్నీ సంచిలో వేసుకుని రండి.

☐ సిగరెట్, మద్యం ఇద్దరూ మానాలి.